వెనక్కి వచ్చే దారి ముందే వేసుకోవాలి

2012 ఆగస్టు 1, బుధవారం. ఉదయం 9.30కి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తెరుచుకుంది. చిన్న మదుపర్ల ఆర్డర్ల కోసం ఎక్స్ఛేంజ్ ఒక కొత్త పథకాన్ని ఆ రోజే మొదలుపెట్టింది. నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ అందుకు తగ్గట్టు తన సాఫ్ట్‌వేర్‌ను మార్చుకుని సిద్ధంగా ఉంది. అప్పట్లో అమెరికా షేర్ల లావాదేవీల్లో దాదాపు పది శాతం ఆ సంస్థ చేతుల మీదుగానే నడిచేవి. బజారు తెరిచిన ముప్పావు గంటలో ఆ సాఫ్ట్‌వేర్ ఎవరూ అడగని ఆర్డర్లను లక్షల సంఖ్యలో పంపింది. 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు జరిగాయి, 39.7 కోట్ల షేర్లు చేతులు మారాయి. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాదే ఆ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది.

ఇంతకీ జరిగిన పొరపాటు చాలా చిన్నది. ఆర్డర్లను బజారుకు పంపే సాఫ్ట్‌వేర్ ఎనిమిది సర్వర్ల మీద నడిచేది. కొత్త కోడ్‌ను ఏడింటిలో పెట్టారు, ఎనిమిదో దానిలో పెట్టడం మరిచిపోయారు. ఇంకొకరు సరిచూడాలన్న నియమం లేదు కాబట్టి ఆ సంగతి ఎవరి కంటా పడలేదు. ఆ ఎనిమిదో సర్వర్‌లో ‘పవర్ పెగ్’ అనే పాత కోడ్ ఇంకా ఉంది. దాన్ని వాడటం 2003లోనే మానేశారు గానీ తీసెయ్యలేదు. ఒకప్పుడు ఆ పాత కోడ్‌ను నడిపించిన గుర్తునే కొత్త పథకానికీ వాడుకున్నారు. ఆర్డర్ మీద ఆ గుర్తు ఉంటే ఏడు సర్వర్లూ దాన్ని కొత్త పథకం ఆర్డర్‌గా చూస్తాయి, ఎనిమిదోది మాత్రం పవర్ పెగ్‌ను నిద్రలేపుతుంది. పైగా ‘అడిగినన్ని షేర్లు వచ్చేశాయి, ఇక ఆపు’ అని లెక్క చూసే భాగాన్ని 2005లోనే అక్కడి నుంచి వేరే చోటికి మార్చారు. అందుకే లేచిన పవర్ పెగ్‌కు ఎక్కడ ఆగాలో తెలియలేదు. ఆ గుర్తుతో పవర్ పెగ్ చేతికి చిక్కిన ఆర్డర్లు 212 మాత్రమే, వాటికే ఇంత నష్టం.

అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ విచారణలో బయటపడిన మరో విషయం సాఫ్ట్‌వేర్ పనివాళ్లను ఇప్పటికీ ఉలిక్కిపడేలా చేస్తుంది. ఆర్డర్లు పోటెత్తుతుంటే నైట్ ఇంజనీర్లు కొత్త కోడే దోషి అనుకున్నారు. సరిగ్గా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసేసి పాత కోడ్‌ను తిరిగి పెట్టారు. పాత కోడ్‌తో పాటు పవర్ పెగ్ కూడా వచ్చింది, ఆర్డర్ల మీద గుర్తు మాత్రం అలాగే ఉంది. అప్పటిదాకా ఒక సర్వర్ చేసిన పనికి మిగతావీ తోడయ్యాయి. అంటే వెనక్కి తగ్గడమే నష్టాన్ని పెంచింది.

కొత్త వెర్షన్‌లో తప్పు దొరికితే పాతదానికి తిరిగి వెళ్లడాన్ని రోల్‌బ్యాక్ అంటారు. వినడానికి తేలికైన పనే. తిరిగి వెళ్లే దారి అప్పటికే వేసి ఉంటేనే అది తేలిక, లేకపోతే నైట్ క్యాపిటల్‌కు జరిగినట్టే జరుగుతుంది. బ్లూ-గ్రీన్, కానరీ అనే రెండు పద్ధతులూ ఈ దారి కోసం పుట్టినవే. అయితే రెండూ ఒకే పని చేయవు. ఏది దేనికి పనికొస్తుందో తెలియాలంటే వాటిని విడివిడిగా చూడాలి.

రెండు జతల సర్వర్లు

కరెంటు బిల్లులు కట్టించుకునే ఒక సైట్‌ను ఊహించుకుందాం. నాలుగు సర్వర్ల మీద పాత వెర్షన్ నడుస్తోంది. ఈ జతను బ్లూ అందాం. కొత్త వెర్షన్‌ను వీటి మీద పెట్టకుండా పక్కనే మరో నాలుగు సర్వర్లు లేపి వాటిలో పెడతారు. ఇది గ్రీన్. రెండు జతలకూ ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉంటుంది. వినియోగదారుడి ఫోన్ నుంచి వచ్చే ప్రతి అభ్యర్థనా మొదట దాని దగ్గరికే వస్తుంది, ఏ జతకు పంపాలో అదే నిర్ణయిస్తుంది.

గ్రీన్ సిద్ధమయ్యాక ఉద్యోగులు లోపలి చిరునామాతో దానిలోకి వెళ్లి బిల్లు తెరిచి, కట్టి, రసీదు వస్తోందో లేదో చూస్తారు. నాలుగు సర్వర్లలోనూ ఒకే వెర్షన్ నంబర్ ఉందో లేదో సరిచూసేదీ ఇప్పుడే. నైట్ క్యాపిటల్‌లో మరిచిపోయిన ఎనిమిదో సర్వర్ ఈ ఒక్క తనిఖీతో దొరికిపోయేది. అన్నీ బాగుంటే లోడ్ బ్యాలెన్సర్‌ను గ్రీన్ వైపు తిప్పుతారు. ఎన్‌జిన్ఎక్స్ వాడే చోట ఆ మలుపు ఇంతే:

```
upstream billpay {
    # server 10.0.0.11:8080;   # blue
    server 10.0.0.21:8080;
}
```

ఇక్కడ జతకు ఒక్కో సర్వర్ చొప్పునే చూపించాను. ఫైలు మార్చాక `nginx -t` తో అందులో తప్పుల్లేవని చూసుకుని `nginx -s reload` ఇస్తారు. సగంలో ఉన్న అభ్యర్థనలు పాత జత మీదే పూర్తవుతాయి, కొత్తగా వచ్చేవి గ్రీన్‌కు వెళ్తాయి. బిల్లు కడుతున్న మనిషికి తేడా తెలియదు.

ఈ పద్ధతికి అసలు విలువ ఆ తర్వాత తెలుస్తుంది. గ్రీన్‌లో తప్పు కనబడితే అదే ఫైలులో ఆ రెండు వరుసలను తారుమారు చేసి మళ్లీ `reload` ఇస్తే చాలు. పాత వెర్షన్‌ను మళ్లీ తయారు చేయనక్కర్లేదు, సర్వర్లలోకి ఎక్కించనక్కర్లేదు, మొదలయ్యేదాకా ఆగనక్కర్లేదు. బ్లూ ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి పని సెకన్లలో అయిపోతుంది. అందుకే గ్రీన్‌కు మారిన వెంటనే ఖర్చు తగ్గుతుందని బ్లూను ఆపేయకూడదు. చాలా తప్పులు రద్దీ వేళలోనో, రాత్రి లెక్కలు కట్టే వేళలోనో బయటపడతాయి, కనీసం అవి దాటేదాకానైనా బ్లూ ఉండాలి. అన్నాళ్లూ రెండు జతల అద్దె కట్టాల్సిందే.

మలుపు ఎక్కడ తిప్పుతున్నామన్నదీ ముఖ్యమే. కొందరు లోడ్ బ్యాలెన్సర్‌కు బదులు డీఎన్ఎస్‌లో చిరునామా మారుస్తారు. డీఎన్ఎస్ చెప్పిన చిరునామాను ఫోన్లు, ఇంటర్నెట్ కంపెనీలు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి, కొన్ని చెప్పిన గడువు దాటినా వదలవు. మీరు వెనక్కి తిప్పినా వాళ్లలో కొందరు చెడ్డ వెర్షన్ దగ్గరికే వస్తుంటారు. తిరుగు ప్రయాణం తొందరగా సాగాలంటే మలుపు మన చేతిలో ఉన్న చోటే ఉండాలి.

బ్లూ-గ్రీన్‌కు ఒక పెద్ద పరిమితి ఉంది. మలుపు తిప్పిన క్షణం నుంచి అందరూ కొత్త వెర్షన్ మీదే ఉంటారు. తప్పును కనిపెట్టడానికి పది నిమిషాలు పడితే ఆ పది నిమిషాలూ ప్రతి వినియోగదారుడూ దాని బారిన పడతాడు. అక్కడే కానరీ అవసరం వస్తుంది.

ముందు కొద్దిమందికి

బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువును పసిగట్టడానికి కానరీ పిట్టలను వెంట తీసుకెళ్లేవారు, ఈ పద్ధతికి పేరు ఆ పిట్టల నుంచే వచ్చింది. కొత్త వెర్షన్‌కు మొదట నూటికి ఒకరిని పంపుతారు. బాగుంటే పది మందిని, తర్వాత సగం మందిని, చివరికి అందరినీ పంపుతారు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి కొత్తదాన్నీ పాతదాన్నీ పోల్చి చూస్తారు.

మన బిల్లుల సైట్‌లో గంటకు 6,000 చెల్లింపులు జరుగుతాయనీ, మామూలు రోజుల్లో వాటిలో అర శాతం ఏదో కారణంతో విఫలమవుతాయనీ అనుకుందాం. ఉదయం 11 గంటలకు ఒక శాతం కొత్త వెర్షన్‌కు మళ్లించారు. అరగంటలో అక్కడికి వచ్చేవి 30 చెల్లింపులే. ఒక్కటీ విఫలం కాలేదు. దీన్ని బట్టి కొత్త వెర్షన్ బాగుందని చెప్పలేం. పాత లెక్క ప్రకారమైనా 30లో ఒక్కటి కూడా విఫలం కాకపోవడం మామూలే. ఈ మెట్టు తేల్చేది ఒక్కటే, వెర్షన్ పూర్తిగా పడిపోలేదని. పేజీ తెరుచుకోకపోవడం, ప్రతి చెల్లింపూ తిరగ్గొట్టడం లాంటి పెద్ద తప్పులు ఇక్కడే పట్టుబడతాయి.

11.30కి పది శాతానికి పెంచారు. 12 గంటలకల్లా కొత్త వెర్షన్ మీదుగా 300 చెల్లింపులు వెళ్లాయి, వాటిలో తొమ్మిది విఫలమయ్యాయి. అదే అరగంటలో పాత వెర్షన్ మీద 2,700 చెల్లింపుల్లో 14 విఫలమయ్యాయి. పాతదానిలో ఎప్పటిలా అర శాతమే ఉండగా కొత్తదానిలో మూడు శాతం. 300లో ఒకటో రెండో విఫలం కావాల్సిన చోట తొమ్మిది కావడం కాకతాళీయం కాదు. కొత్త వెర్షన్‌కు వెళ్లే వాటాను వెంటనే సున్నాకు తెచ్చారు. తర్వాత చూస్తే ఆ తొమ్మిదీ ఒకే బ్యాంకు ఖాతాల నుంచి వచ్చినవి. ఆ బ్యాంకు పంపే సమాధానంలో ఒక చిన్న తేడాను కొత్త కోడ్ అర్థం చేసుకోలేకపోయింది. మొదటే అందరికీ తెరిచి ఉంటే అదే అరగంటలో 90 మంది ఇబ్బంది పడేవారు.

ఈ లెక్కలో గమనించాల్సింది ఒకటుంది. సైట్ మొత్తం సగటు చూసి ఉంటే 3,000 చెల్లింపుల్లో 23 వైఫల్యాలు, అంటే ఒక శాతం కూడా కాదు. అలారం మోగి ఉండకపోవచ్చు. కానరీని కానరీగా విడిగా లెక్కకట్టినప్పుడే తేడా కనిపిస్తుంది. ప్రతి వైఫల్యం పక్కనా ఏ వెర్షన్‌లో జరిగిందో రాసి ఉండకపోతే కానరీ పెట్టీ ప్రయోజనం లేదు. పోల్చేది కూడా సరైనదాంతోనే కావాలి. వారాల తరబడి నడుస్తున్న పాత సర్వర్ తరచూ అడిగే సమాచారాన్ని దగ్గర పెట్టుకుని వేగంగా ఉంటుంది, ఇప్పుడే లేచిన సర్వర్ ఏ వెర్షన్‌దైనా కాస్త నెమ్మదే. అందుకే నెట్‌ఫ్లిక్స్, గూగుల్ కలిసి తయారుచేసి 2018లో అందరికీ ఇచ్చిన కయెంటా అనే సాధనంతో పనిచేసేటప్పుడు, పాత వెర్షన్‌తోనే కొత్తగా లేపిన సర్వర్లను పోలికకు పెట్టుకోవాలని చెబుతారు. అప్పుడు కనిపించే తేడా కోడ్‌దే అవుతుంది.

నైట్ క్యాపిటల్ కూడా కొత్త కోడ్‌ను ఒక్కరోజే పెట్టలేదు. జులై 27 నుంచి రోజుకు కొన్ని సర్వర్ల చొప్పున ఎక్కించారు. చూడటానికి కానరీలాగే ఉన్నా అది కానరీ కాదు. ఆ రోజుల్లో కొత్త పథకం ఆర్డర్లేవీ ఆ కోడ్ మీదుగా వెళ్లలేదు, అది ఎలా పనిచేస్తోందో తెలిసే వీలే లేదు. ఆర్డర్లు మొదలైన ఆగస్టు 1న మాత్రం అన్ని సర్వర్లకూ ఒకేసారి వెళ్లాయి. అసలు పని కొద్దిగా వెళ్లాలి, ఎవరో ఒకరు దాన్ని చూస్తూ ఉండాలి. ఆ రోజు బజారు తెరవకముందే వాళ్ల కంప్యూటర్ వ్యవస్థ పవర్ పెగ్ పేరు ప్రస్తావిస్తూ 97 ఈమెయిళ్లు పంపింది. అవి హెచ్చరికలుగా చూడాల్సినవని ఎవరూ అనుకోలేదు.

కోడ్ తిరిగి వస్తుంది, డేటా రాదు

12 గంటలకు కానరీని సున్నాకు తెచ్చారు కదా, అంతటితో అయిపోయిందా? ఆ గంటలో కొత్త వెర్షన్ డేటాబేస్‌లో రాసినవి అలాగే ఉన్నాయి. బ్లూ, గ్రీన్ జతలు రెండైనా వాటి వెనక ఉండే డేటాబేస్ మామూలుగా ఒక్కటే. రోల్‌బ్యాక్‌లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

పాత వెర్షన్ వినియోగదారుడి నంబరును `phone` అనే గడిలో దాచేదనీ, కొత్త వెర్షన్ దాని పేరును `mobile` అని మార్చిందనీ అనుకుందాం. పేరు మార్చిన క్షణంలోనే పాత వెర్షన్ పనిచేయడం ఆగిపోతుంది, అది వెతికే `phone` ఇక లేదు. కానరీ సమయంలో 90 శాతం మంది పాత వెర్షన్ మీదే ఉన్నారు కాబట్టి దెబ్బ తగిలేది వాళ్లకే. బ్లూను ఎంత జాగ్రత్తగా నిలిపి ఉంచినా తిరిగి వెళ్లే దారి మూసుకుపోయినట్టే.

అందుకే ఇలాంటి మార్పును ఒక్క విడుదలలో చేయరు. మొదటి విడుదలలో `phone` ను ముట్టుకోకుండా `mobile` అనే గడిని అదనంగా చేరుస్తారు, కోడ్ రెండింటిలోనూ రాస్తుంది, చదివేది మాత్రం పాతదాన్నే. తర్వాత పాత ఖాతాల నంబర్లను మెల్లగా కొత్త గడిలోకి నింపుతారు. రెండో విడుదలలో కొత్త గడి నుంచి చదవడం మొదలవుతుంది, రాయడం ఇంకా రెండింటిలోనూ జరుగుతుంది. మూడో విడుదలలో పాత గడిలో రాయడం మానేస్తారు. కొన్ని వారాలు ఏ ఇబ్బందీ రాకపోతే అప్పుడు `phone` ను తీసేస్తారు. ఈ మెట్లలో ఎక్కడ తప్పు దొరికినా ఒక మెట్టు వెనక్కి దిగవచ్చు, ఎందుకంటే ఏ రెండు పక్కపక్క వెర్షన్లైనా ఒకే డేటాతో బతకగలవు. చివరి మెట్టు ఒక్కటే తిరిగి రానిది, అందుకే దానికి తొందర పడరు.

గడి పేరు మారకపోయినా అందులో రాసే విలువ మారితే అదే చిక్కు వస్తుంది. చెల్లింపులకు ఇప్పటిదాకా `PAID`, `FAILED` అనే రెండు స్థితులే ఉన్నాయి. కొత్త వెర్షన్ `ON_HOLD` అని మూడోది రాయడం మొదలుపెట్టింది. రోల్‌బ్యాక్ చేశాక పాత కోడ్ ఆ మాటను చూసి ఏం చేయాలో తెలియక ఆగిపోతుంది, లేదా ఇంకా ప్రమాదంగా కట్టిన బిల్లును కట్టనిదిగా లెక్కేస్తుంది. కొత్త మాటను చదవడం నేర్పే విడుదల ముందు వెళ్లి కుదురుకోవాలి, దాన్ని రాసే విడుదల ఆ తర్వాతే వెళ్లాలి.

కుబెర్నెటిస్ వాడే చోట వెనక్కి వెళ్లడానికి ఒకే ఆదేశం చాలంటారు:

```
kubectl rollout undo deployment/billpay
```

నిజమే గానీ, ఆ ఆదేశం ఆ డెప్లాయ్‌మెంట్ కింద నడిచే కోడ్‌నూ, దానిలోనే రాసిన సెట్టింగులనూ మాత్రమే వెనక్కి తెస్తుంది. విడిగా కాన్ఫిగ్‌మ్యాప్‌లో ఉంచిన సెట్టింగులను, డేటాబేస్‌ను, ఎక్కడో వేసిన ఫీచర్ స్విచ్‌ను అది ముట్టుకోదు. నైట్ క్యాపిటల్‌లో జరిగింది సరిగ్గా ఇదే. కోడ్ వెనక్కి వెళ్లింది, ఆర్డర్ల మీద గుర్తు వెళ్లలేదు. ఆ ఉదయం ముందుగా ఆపాల్సింది ఆ గుర్తును, లేదా ఆర్డర్లు బయటికి పోయే దారినే. పాత స్విచ్ పేరును కొత్త పనికి మళ్లీ వాడకూడదనే కట్టుబాటు, వాడని కోడ్‌ను తీసెయ్యాలనే పట్టుదల ఇలాంటి అనుభవాల నుంచే వచ్చాయి.

తిరుగు దారి లేనివి

కొన్నింటికి తిరుగు దారి అసలు ఉండదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ విండోస్ కంప్యూటర్లకు ఒక చిన్న ఫైలు పంపింది. మన గడియారంలో ఉదయం 9.39కి అది బయల్దేరింది. తప్పు గుర్తించి 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం ఆలోపే సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. మన విమానాశ్రయాల్లోనూ ఆ రోజు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇవ్వాల్సి వచ్చింది.

రోల్‌బ్యాక్ చేసినా అది చాలా కంప్యూటర్లకు అందలేదు, ఎందుకంటే మొదలవుతూనే పడిపోతున్న కంప్యూటర్ ఇంటర్నెట్ దాకా వెళ్లి సరైన ఫైలు తెచ్చుకోలేదు. మనిషి ఒక్కో యంత్రం దగ్గరికి వెళ్లి, దాన్ని సేఫ్ మోడ్‌లో లేపి, `C-00000291` తో మొదలయ్యే ఫైలును తీసెయ్యాల్సి వచ్చింది. ఆ తరహా ఫైళ్లను అప్పటిదాకా మెట్లవారీగా కాక అందరికీ ఒకేసారి పంపేవారు. ఆ తర్వాతే కానరీ మెట్లు పెట్టారు.

రెండు పద్ధతుల తేడా ఇక్కడే తేలుతుంది. తిరిగి తెచ్చుకోగల పనికి బ్లూ-గ్రీన్ సరిపోతుంది, దాని బలం వేగం. పంపిన ఎస్సెమ్మెస్, కొన్న షేరు, బ్యాంకు నుంచి కదిలిన డబ్బు, తెర నీలమైన కంప్యూటర్ తిరిగి రావు. వాటి విషయంలో చేయగలిగిందల్లా తప్పు కొద్దిమందికే తగిలేలా చూడటం, అది కానరీ పని. పెద్ద సంస్థలు చాలాచోట్ల రెండూ కలిపి వాడతాయి. బ్లూ పక్కన గ్రీన్‌ను నిలిపి, వాటా కొద్దికొద్దిగా పెంచి, వంద శాతం చేరాక కూడా బ్లూను కొంతకాలం ఉంచుతాయి.

ఇక మిగిలింది నిర్ణయం. మధ్యాహ్నం 12 గంటలకు తొమ్మిది వైఫల్యాలు కనిపించినప్పుడు ‘ఇంకో అరగంట చూద్దాం’ అనడం చాలా తేలిక. రాత్రుళ్లు కూర్చుని రాసిన కోడ్‌ను వెనక్కి లాగడం ఎవరికీ ఇష్టముండదు. అందుకని గీతను విడుదలకు ముందే రాసుకోవాలి. ఏ అంకె, ఎంత దాటి, ఎంతసేపు నిలిస్తే వెనక్కి వెళ్లాలో ఒక కాగితం మీద ఉండాలి. ఉదాహరణకు, కానరీలో కనీసం 200 చెల్లింపులు అయ్యాక వైఫల్యాలు పాత వెర్షన్ కంటే మూడు రెట్లు ఉంటే వెనక్కి. ఆ మాట చెప్పే అధికారం ఆ పూట డ్యూటీలో ఉన్న ఇంజనీర్‌కే ఉండాలి, పైవాళ్ల ఫోన్ కోసం ఎదురుచూడకూడదు. కారణం వెతకడం వెనక్కి వెళ్లాక మొదలుపెట్టాలి, లాగ్‌లు ఎలాగూ ఎక్కడికీ పోవు.

ఇవన్నీ ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తర్వాతి విడుదలలో తప్పేమీ లేకపోయినా, కానరీ పది శాతం దగ్గర ఉండగా ఒకసారి కావాలనే వెనక్కి వెళ్లి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, పాత వెర్షన్‌కు కొత్త డేటా అర్థమైందో లేదో, ఏ స్విచ్ మరిచిపోయారో బయటపడుతుంది. అక్కడ బయటపడిన లోపాలను సరిచేసుకున్నాక అప్పుడు మిగతా తొంభై శాతానికి తెరవవచ్చు.